నీళ్లలోంచి బయటపడ్డ కారులో మూడు లైట్లు ఎందుకు వెలిగాయి?

లాల్‌దర్వాజాలోని మా ఇంటి మేడ మీద నుంచి మాట్లాడుతున్నా. వెనకాల మబ్బు కమ్ముకుంది, వాన మొదలైతే మధ్యలో లోపలికి పరుగెత్తాల్సి వస్తుంది, ముందే చెప్తున్నా.

ఈ రోజు టాపిక్ ఏంటంటే, వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద నుంచి కారు తీసుకొచ్చారు. బండి ఆగలేదు, ఇంజన్‌లోకి నీళ్లు పోలేదు, ఇంటికి క్షేమంగా చేరింది. హమ్మయ్య అనుకున్నారు. మరుసటి రోజు డ్యాష్‌బోర్డ్ మీద నారింజ రంగు లైట్లు వరుసగా వెలిగాయి. బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది. మరి ఆ లైట్లు ఎందుకు? నిజంగా ఏదో పార్ట్ పోయిందా? గ్యారేజీలో చెప్పిన వేల రూపాయలు కట్టాల్సిందేనా?

దీన్ని మా ఇంట్లో జరిగిన కథతోనే చెప్తా. ఎందుకంటే ఆ కారు మా మేనమామది. ఆయన క్యాబ్ నడుపుతాడు. ఆ బండి తిరిగితేనే ఇల్లు నడుస్తుంది.

2020 అక్టోబర్ 13

హైదరాబాద్ వాళ్లకు ఈ తేదీ చెప్తే చాలు. ఆ రోజు పొద్దంతా వాన, రాత్రికి ఇంకా పెద్ద వాన. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి శంషాబాద్ వైపు పోయే హైవే కొట్టుకుపోయింది. ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీ మునిగిపోయింది. పాతబస్తీలో చాలా ఇళ్లలో గ్రౌండ్ ఫ్లోర్‌లోకి నీళ్లొచ్చాయి.

ఆ సాయంత్రం మామ చాంద్రాయణగుట్టలో ప్యాసింజర్‌ని దింపి ఇంటికి బయల్దేరాడు. ఫలక్‌నుమా, అలియాబాద్ మీదుగా లాల్‌దర్వాజాకి రావాలి. మామూలుగా అయితే పావుగంట కూడా పట్టదు. ఆ రోజు గంటన్నర పట్టింది. ఒకచోట నీళ్లు టైర్‌లో సగం దాకా ఉన్నాయి. ముందు ఆటో పోతుంటే దాని వెనకే ఫస్ట్ గేర్‌లో మెల్లగా దాటాడు. ఎదురుగా బస్సు రావడంతో ఎడమ పక్కకు జరగాల్సి వచ్చింది. అక్కడ రోడ్డు మోరీ వైపు వాలి ఉంటుంది కాబట్టి ఎడమ చక్రాలు ఇంకా లోతులోకి దిగాయి. ఈ ఎడమ పక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తెల్లారి పొద్దున బండి స్టార్ట్ చేస్తే ఏ లైటూ లేదు. సాయంత్రం ఒక చిన్న ట్రిప్‌కి పోయి వచ్చేసరికి మూడు లైట్లు వచ్చాయి. ఒకటి ఏబీఎస్. దాని పక్కన జారుతున్న కారు బొమ్మ, అంటే బండి పట్టు తప్పకుండా చూసే సిస్టమ్. మూడోది హిల్ హోల్డ్ పనిచేయడం లేదన్న మెసేజ్.

మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, బండి దీపావళి లెక్క వెలుగుతుందిరా. బ్రేకులైతే పడుతున్నయి. ఏందిది?"

ఒక గ్యారేజీకి తీసుకెళ్లాడు. అక్కడ బానెట్ తెరిచి చూసి, "ఏబీఎస్ మాడ్యూల్‌లోకి నీళ్లు పోయినయి, మొత్తం మార్చాలె, 38 వేలు అయితది" అన్నారు. ఆ టైంలో పరిస్థితి ఏంటంటే, కోవిడ్ వల్ల మార్చి నుంచి ఆగస్టు దాకా ఇచ్చిన ఈఎంఐ వాయిదా అప్పుడే అయిపోయింది. సెప్టెంబర్ నుంచి మామ మళ్లీ కిస్తీ కడుతున్నాడు. 38 వేలంటే ఆయనకు మూడు కిస్తీల పైనే.

నేను అప్పుడు ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. కార్ల గురించి పెద్దగా తెలియదు. కానీ ఒక విషయం మాత్రం నాకు మింగుడు పడలేదు. మా పనిలో ఒక స్క్రీన్ మీద మూడు ఎర్రర్లు ఒకేసారి వస్తే, మూడు ప్రోగ్రామ్‌లూ ఒకేసారి చెడిపోయాయని అనుకోం. ఆ మూడింటికీ డేటా ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతాం. ఇక్కడ కూడా అదే చేయాలనిపించింది.

మూడు లైట్ల వెనక ఒకే మనిషి

కారులో ప్రతి చక్రం దగ్గర ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడమే దాని పని. బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు ఏ చక్రం తిరగడం ఆగి జారుతోందో ఏబీఎస్‌కి తెలిసేది దీని వల్లే. బండి పక్కకు జారుతోందా అని చూసే సిస్టమ్‌కీ ఇదే లెక్క కావాలి. బండి నిలబడిందా, వెనక్కి పోతోందా అని చూసే హిల్ హోల్డ్‌కీ ఇదే కావాలి. నాలుగు సెన్సర్లలో ఒక్కటి అబద్ధం చెప్పినా, ఈ మూడూ "మాకు నమ్మకం లేదు, మేం పక్కకు తప్పుకుంటున్నాం" అంటాయి. మూడు లైట్లు వెలుగుతాయి. మామూలు బ్రేక్ మాత్రం పడుతుంది, ఎందుకంటే అది పెడల్ నుంచి బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో నేరుగా పనిచేస్తుంది.

అంటే లైట్ మూడు చోట్ల వెలిగింది కానీ, జబ్బు ఒకే చోట ఉండొచ్చు.

ఇప్పుడు ఆ సెన్సర్ ఎలా మాట్లాడుతుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. ఈ మధ్య కాలపు కార్లలో ఎక్కువగా వాడే సెన్సర్‌కి రెండే వైర్లు ఉంటాయి. ఏబీఎస్ మాడ్యూల్ దానికి దాదాపు 12 వోల్టులు ఇస్తుంది. సెన్సర్ ఆ వైర్ల లోంచి రెండు రకాలుగా మాత్రమే కరెంట్ తీసుకుంటుంది. ఒకటి 7 మిల్లీఆంపులు, ఇంకొకటి 14 మిల్లీఆంపులు. చక్రం తిరుగుతుంటే 7, 14, 7, 14 అని మారుతూ ఉంటుంది. మనకు బీటెక్‌లో చెప్పిన 0, 1 లాంటిదే. మాడ్యూల్ మధ్యలో ఒక గీత గీసుకుంటుంది, 10 దగ్గర అనుకుందాం. దాని కింద ఉంటే 0, పైన ఉంటే 1. అలా సెకనుకు ఎన్నిసార్లు మారిందో లెక్కపెడితే వేగం తెలుస్తుంది.

ఎన్నిసార్లు మారుతుందో ఒక అంచనా చెప్తా. చక్రం ఒక చుట్టు తిరిగితే 48 సార్లు అనుకోండి. టైర్ చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఆరు చుట్లు పైనే తిరుగుతుంది. అంటే సెకనుకు దాదాపు 300 సంకేతాలు. ఇవన్నీ ఆ రెండు సన్నటి వైర్ల మీద, చక్రం పక్కన బురద పడే చోట ఉన్న ఒక చిన్న కనెక్టర్ లోంచి పోవాలి.

నీళ్లు చేసే దొంగతనం

ఇప్పుడు ఆ కనెక్టర్‌లోకి ఒక చుక్క నీళ్లు పోయాయి అనుకుందాం. లోపల రెండు పిన్నులు పక్కపక్కనే ఉంటాయి. నీళ్లు ఆ రెండిటి మధ్య చిన్న వంతెన వేస్తాయి.

స్వచ్ఛమైన నీళ్లలో కరెంట్ పెద్దగా పారదు. కానీ రోడ్డు మీద నిలిచింది స్వచ్ఛమైన నీళ్లు కాదు కదా. మోరీ నీళ్లు, ఉప్పు, మట్టి, సబ్బు, ఆయిల్ అన్నీ కలిసిన నీళ్లు. వాటిలో కరెంట్ బాగానే పారుతుంది. ఆ వంతెన నిరోధం 2000 ఓమ్‌లు ఉందనుకోండి. 12 వోల్టులను 2000తో భాగిస్తే 6 మిల్లీఆంపులు. సెన్సర్‌తో సంబంధం లేకుండా, ఈ 6 మిల్లీఆంపులు నీళ్ల లోంచి నేరుగా పారిపోతాయి.

మాడ్యూల్‌కి ఇది దొంగ కరెంట్ అని తెలియదు. దానికి మొత్తం లెక్కే కనిపిస్తుంది. 7 కావాల్సిన చోట 13 కనిపిస్తుంది. 14 కావాల్సిన చోట 20 కనిపిస్తుంది. గీత 10 దగ్గర ఉంది కదా, రెండూ గీత పైనే. అంటే మాడ్యూల్‌కి 1, 1, 1, 1 అని తప్ప 0 అనేదే రాదు. మూడు చక్రాలు 40లో తిరుగుతున్నాయి, నాలుగోది మాత్రం ఆగిపోయినట్టు ఉంది. ఇది నిజం కావడానికి వీల్లేదు కాబట్టి మాడ్యూల్ తప్పు రాసుకుని లైట్ వెలిగించేస్తుంది.

గమనించండి, ఇక్కడ సెన్సర్ బాగుంది. మాడ్యూల్ బాగుంది. వైర్ తెగలేదు. ఉన్నదల్లా ఒక చుక్క మురికి నీళ్లు.

సీల్ ఉన్నా లోపలికి ఎలా పోయింది?

ఇది నేను కూడా అడిగా. బయట వాడే కనెక్టర్లకు రబ్బర్ సీల్ ఉంటుంది. ఫోన్ల మీద చూస్తారు కదా ఐపీ67 అని, ఇలాంటి కనెక్టర్లకూ ఆ రేటింగ్ ఉంటుంది. 1 మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు పెట్టినా లోపలికి రాకూడదు అని దాని అర్థం. మామ బండి మీటర్ లోతులో మునగలేదే?

కిటుకు వేడిలో ఉంది. ఆ పరీక్ష చేసేటప్పుడు వస్తువు, నీళ్లు దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. తేడా 5 డిగ్రీలు దాటకూడదు. రోడ్డు మీద అలా ఉండదు. బ్రేక్ డిస్క్ వేడి, ఇంజన్ వేడి కలిసి ఆ కనెక్టర్ 70 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటుంది అనుకోండి. అలాంటిది ఒక్కసారిగా 25 డిగ్రీల నీళ్లలో మునిగింది. లోపల ఉన్న గాలి ఠక్కున చల్లబడి కుంచించుకుపోతుంది. డబ్బా పూర్తిగా బిగుసుకుని ఉందనుకుంటే, లోపలి ఒత్తిడి దాదాపు 13 శాతం పడిపోతుంది. ఒత్తిడి అంత పడిపోవడం అంటే 1.3 మీటర్ల లోతు నీళ్లు బయట నుంచి నెట్టినట్టు. నీళ్లు మోకాలి దాకానే ఉన్నా, కనెక్టర్ మాత్రం మనిషి ఛాతీ లోతులో ఉన్నట్టే నీళ్లను గుంజుకుంటుంది.

వేడి పెనం మీద గ్లాసు బోర్లించి, తర్వాత తడి గట్టు మీద పెడితే కింది నీళ్లను గుంజుకుని అతుక్కుపోతుంది కదా, అదే పని. కొత్త సీల్ అయితే ఈ గుంజుడును ఆపొచ్చు. నాలుగైదేళ్లు ఎండకు ఎండిన సీల్, లేదా ఎప్పుడో మెకానిక్ విప్పి సరిగా పెట్టని సీల్ అయితే ఆపలేదు. పెద్ద మాడ్యూళ్ల డబ్బాలకు ఈ సమస్య తెలిసే, గాలి పోయి నీళ్లు పోకుండా ఉండే చిన్న పొర ఒకటి పెడతారు. దాని ద్వారా లోపలి, బయటి ఒత్తిడి సమానమవుతుంది. చిన్న కనెక్టర్‌కి ఆ సౌకర్యం ఉండదు.

లైట్లు వెంటనే రాకుండా మరుసటి రోజు ఎందుకొచ్చాయో కూడా దీంతోనే అర్థమవుతుంది. మొదట లోపలికి పోయిన నీళ్లు ఏదో మూలన ఉంటాయి. బండి నడిచి వేడెక్కితే ఆవిరవుతాయి, చల్లబడితే మళ్లీ పిన్నుల మీద చెమటలా పడతాయి. గుంతల్లో కుదుపులకు చుక్క జరుగుతుంది. అందుకే ఇలాంటి లైటు ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. ఇలా వచ్చి పోవడమే తడి ఉందని చెప్పే పెద్ద గుర్తు.

కోడ్ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

నా దగ్గర వెయ్యి రూపాయల లోపు కొన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి ఉండేది. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో చూస్తే "తప్పులేమీ లేవు" అంది. అది నమ్మి ఊరుకోకూడదు. ఇలాంటి చౌక స్కానర్లు, వాటి ఫ్రీ యాప్‌లు ఎక్కువగా ఇంజన్ కంప్యూటర్‌నే చదువుతాయి. అంటే P తో మొదలయ్యే కోడ్‌లు. ఏబీఎస్ కోడ్‌లు C తో మొదలవుతాయి, ఎయిర్‌బ్యాగ్‌వి B తో, మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోతే U తో. ఇవన్నీ చదవాలంటే ఆ కంపెనీ బండికి సరిపోయే స్కానర్ కావాలి.

మా ఇంటికి దగ్గర్లో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆటో ఎలక్ట్రీషియన్. అందరూ చాచా అంటారు. ఆయన దగ్గర పెద్ద స్కానర్ ఉంది. పెడితే ఒకే ఒక్క కోడ్ వచ్చింది.

```
C0035
```

అర్థం ఏంటంటే ముందు ఎడమ చక్రం వేగం సెన్సర్ సర్క్యూట్. ఎడమ పక్కకు జరిగినప్పుడు మోరీ వైపు లోతులోకి దిగిన చక్రం అదే.

ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా వినండి. ఒకటి, మాడ్యూల్ స్కానర్‌తో మాట్లాడుతోంది, తన తప్పును పద్ధతిగా చెప్తోంది, మిగతా మూడు చక్రాల వేగం సరిగ్గా చూపిస్తోంది. చచ్చిపోయిన మాడ్యూల్ ఇంత చక్కగా మాట్లాడదు. రెండు, కోడ్ "సర్క్యూట్" అంది కానీ "సెన్సర్" అనలేదు. సర్క్యూట్ అంటే సెన్సర్, రెండు వైర్లు, మధ్యలో కనెక్టర్లు, మాడ్యూల్ వైపు పిన్నులు, అన్నీ. కోడ్ వీధి పేరు చెప్తుంది, ఇంటి నంబర్ మనమే వెతుక్కోవాలి.

చాచా స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలు లైవ్‌గా పెట్టి, మామని గల్లీలో మెల్లగా నడపమన్నాడు. మూడు చక్రాలు 15 చూపిస్తే ముందు ఎడమది 0 చూపిస్తోంది. "పానీ అందర్ గయా బేటా" అన్నాడు. ఇంకా ఏదీ విప్పకముందే.

విప్పి చూస్తే

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేశాడు. ఎడమ చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తొడుగు తీసి, సెన్సర్ వైర్ వెంట చేయి పెట్టుకుంటూ పోయి కనెక్టర్ పట్టుకున్నాడు. విప్పగానే లోపల నుంచి గోధుమ రంగు నీళ్లు రెండు చుక్కలు కారాయి. రబ్బర్ సీల్ ఒక పక్క మడత పడి ఉంది.

కంటికి కనిపించాక కూడా ఆయన మీటర్ పెట్టాడు. ఎందుకంటే కనిపించిన నీళ్లే కారణమో కాదో తేల్చాలి. ఏబీఎస్ మాడ్యూల్ దగ్గర పెద్ద కనెక్టర్ కూడా విప్పి, అక్కడ తడి లేదని చూశాడు. ఇప్పుడు ఆ రెండు వైర్లకూ రెండు చివర్లా ఏమీ తగిలించి లేదు. అలాంటప్పుడు వాటి మధ్య మల్టీమీటర్ పెడితే స్క్రీన్ మీద OL రావాలి, అంటే దారి లేదు అని. మాకు మాత్రం 2 కిలో ఓమ్‌ల దగ్గర అంకె కిందకీ పైకీ ఊగుతూ వచ్చింది. ఇందాక నేను లెక్క చెప్పడానికి 2000 తీసుకున్నది ఇక్కడి నుంచే. అంకె నిలకడగా లేకపోవడం కూడా ఒక గుర్తు. వైర్లు రాగికి రాగి తగులుకుంటే అంకె దాదాపు సున్నా దగ్గర నిలబడుతుంది. నీళ్లయితే ఊగుతుంది.

తర్వాత కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి మురికి కడిగాడు. ఈ స్ప్రే తర్వాత ఎగిరిపోతుంది, ఏమీ మిగలదు. గాలి మెల్లగా కొట్టాడు. గంటసేపు ఎండలో వదిలేశాడు. మళ్లీ మీటర్ పెడితే OL. పిన్నులు ఇంకా మెరుస్తున్నాయి, పచ్చ పట్టలేదు. కొత్త సీల్ వేసి, ఆ రబ్బర్‌కి సిలికాన్ గ్రీజు పలచగా రాసి బిగించాడు. కోడ్ క్లియర్ చేసి బండి నడిపితే ముందు ఎడమ చక్రం కూడా 15 చూపించింది. చాలా బండ్లలో ఏబీఎస్ లైట్ నిలబెట్టి ఉంచితే పోదు. కొంచెం వేగంలో నడిపి మాడ్యూల్ తనకు తాను చెక్ చేసుకున్నాకే పోతుంది. మాకు అలియాబాద్ చౌరస్తా దాకా పోయి వచ్చేలోగా మూడూ ఆరిపోయాయి.

చాచా 600 తీసుకున్నాడు. మామ వెయ్యి ఇస్తే 400 వాపస్ ఇచ్చాడు.

అలాగే వదిలేస్తే ఏమయ్యేది?

చాలామంది చేసే పని ఏంటంటే, నాలుగు రోజులు ఎండ కాస్తుంది, లైట్ దానంతటదే పోతుంది, బాగైపోయింది అని మర్చిపోతారు. ఇక్కడే అసలు నష్టం మొదలవుతుంది.

నీళ్లు చేసే పనులు రెండు, అవి ఒకదానికొకటి వ్యతిరేకం. మొదటి రోజుల్లో, దారి ఉండకూడని చోట దారి వేస్తాయి. అదే ఇందాక చూసింది. కొన్ని వారాల తర్వాత, దారి ఉండాల్సిన చోట దాన్ని తెంపుతాయి.

ఎలా అంటే, తడి పిన్నుల మధ్య 12 వోల్టులు ఉంటే అది స్కూల్లో చేసిన విద్యుద్విశ్లేషణ ప్రయోగమే. పాజిటివ్ వైపు పిన్ను లోహం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. రాగి మీద పచ్చని పొడి పడుతుంది. తాళం తీసేసినా కరెంట్ ఉండే పిన్నులు కొన్ని ఉంటాయి, మాడ్యూళ్లకు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేవి. అవి బండి పార్కింగ్‌లో ఉన్నా రాత్రంతా తినబడుతూనే ఉంటాయి. నీళ్లు లోతుగా పోయాయని అనుమానం ఉంటే బ్యాటరీ నెగటివ్ తీసి పెట్టమని చెప్పేది అందుకే. కరెంట్ లేకపోతే ఈ కరగడం బాగా నెమ్మదిస్తుంది.

పచ్చ పొడి పట్టిన పిన్నులో సగం ఓమ్ నిరోధం పెరిగిందనుకోండి. వినడానికి చాలా చిన్నది. సెన్సర్ వైర్‌లో అయితే నిజంగానే లెక్కలోకి రాదు. కానీ ఏబీఎస్ పంప్ మోటర్ 10 ఆంపులు లాగుతుంటే ఆ సగం ఓమ్ దగ్గరే 5 వోల్టులు పోతాయి. 12 రావాల్సిన మోటర్‌కి 7 వస్తుంది. అప్పుడు కోడ్ "వోల్టేజ్ తక్కువ" అని రెండు నెలల తర్వాత వస్తుంది. మీరు బ్యాటరీ మారుస్తారు, ఆల్టర్నేటర్ చెక్ చేయిస్తారు. వాన నీళ్లు ఎవరికీ గుర్తుండవు.

ఇంకో దారి కూడా ఉంది. వైర్ తొడుగు ఎక్కడైనా గీరుకుపోయి ఉంటే, లోపలి సన్నటి రాగి పోగుల మధ్య నుంచి నీళ్లు దీపం వత్తిలో నూనె పాకినట్టు పాకుతాయి. తడిసింది చక్రం దగ్గర, పచ్చ పట్టేది మాడ్యూల్ పిన్ను దగ్గర. అలా లోపలి సర్క్యూట్ బోర్డ్ దాకా పోయి, అక్కడ పచ్చ పట్టి ఉంటే అప్పుడు మాడ్యూల్ మార్చడం లేదా బాగుచేయించడం తప్పదు. స్కానర్‌తో మాడ్యూల్ అసలు మాట్లాడకపోవడం, దానికి కరెంట్, ఎర్త్ సరిగ్గా వస్తున్నాయని మీటర్‌తో చూశాక కూడా మాట్లాడకపోవడం, విప్పితే లోపల తడి కనిపించడం, ఇవి చూపించమని అడగండి. చూపిస్తే 38 వేలు న్యాయమే. మామ విషయంలో ఆ గ్యారేజీలో స్కానర్ కూడా పెట్టలేదు.

ఆరబెట్టేటప్పుడు చేసే తప్పులు

ఫోన్ నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకు ఉంది. కనెక్టర్ విషయంలోనూ అసలు తప్పు అదే ఆలోచన. నీళ్లు ఎగిరిపోతాయి, కానీ వాటిలోని ఉప్పు, మురికి పిన్నుల మధ్యే మిగిలిపోతాయి. తర్వాతి వానకు కొంచెం చెమ్మ తగిలినా చాలు, ఆ ఉప్పు మళ్లీ వంతెన వేస్తుంది. అందుకే ఆరబెట్టడం ఒక్కటే సరిపోదు, ముందు కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి తర్వాత ఆరబెట్టాలి.

పంక్చర్ షాపులో గాలి గట్టిగా కొట్టించడం ఇంకో తప్పు. ఆ ట్యాంకులో కూడా నీళ్లు చేరి ఉంటాయి, పైగా గట్టి గాలి చుక్కను ఇంకా లోపలికి నెడుతుంది. గ్రీజు కూడా కనెక్టర్ నిండా కూరకూడదు. అది ఉన్న నీళ్లను లోపలే బంధిస్తుంది. రబ్బర్ సీల్ మీద పలచగా రాస్తే చాలు.

కొన్ని చోట్ల మాత్రం మనం చేయి పెట్టకూడదు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్‌వి. వాటికి మల్టీమీటర్ పెడితే ఆ చిన్న కరెంట్‌కే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగితే తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు లావు కేబుళ్లు కూడా అంతే, ముట్టుకోవద్దు.

లైట్ రంగు కూడా చూడండి. నారింజ ఏబీఎస్ లైట్ ఒక్కటే ఉండి బ్రేక్ మామూలుగా పడుతుంటే, ఏబీఎస్ లేని బండిలా జాగ్రత్తగా, మెల్లగా మెకానిక్ దాకా నడపొచ్చు. దాంతో పాటు ఎర్ర బ్రేక్ లైట్ కూడా వస్తే నడపకండి. ఇంజన్ లైట్ ఆగి ఆగి మెరుస్తుంటే ఇంజన్‌లో మంట సరిగ్గా పడటం లేదని అర్థం. తడిసిన ఇగ్నిషన్ కాయిల్ వల్ల ఇది జరగొచ్చు. అలాగే నడిపితే సైలెన్సర్ లైన్‌లో ఉండే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది. బండి నీళ్లలోనే ఆగిపోయి ఉంటే మాత్రం మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నమే వద్దు. అది ఇంజన్‌లోకి నీళ్లు పోయిన కేసు కావొచ్చు, దాని కథ వేరు.

మూడు వారాల తర్వాత

చాచా బండి ఇచ్చేటప్పుడు ఒక మాట అన్నాడు, మూడు వారాలకు ఒకసారి తీసుకురండి అని. మామ పట్టించుకోలేదు, లైట్ లేదు కదా అని. నేనే బలవంతంగా తీసుకెళ్లా. ముందు ఎడమ కనెక్టర్ పొడిగా, శుభ్రంగా ఉంది. కానీ ఆయన వెనక ఎడమ చక్రం కనెక్టర్ కూడా విప్పాడు. దానికి ఏ లైటూ రాలేదు, ఏ కోడూ లేదు. ఒక పిన్ను అంచున ఆవగింజంత పచ్చ. ఆ రోజు లోతులోకి దిగింది రెండు ఎడమ చక్రాలు కదా.

"గిది కూడా పోయేదా?" అని మామ అడిగాడు.

"చలికాలం దాకా నడిచేది" అన్నాడు చాచా, క్లీనర్ కొడుతూ.

ఇప్పుడు మామ ప్రతి పెద్ద వాన తర్వాత నాకు ఒకే ప్రశ్న పంపుతాడు, ఏ పక్క దిగిందో కూడా రాసి. పోయిన వారం కూడా పంపాడు. "అల్లుడా, కుడి ముందుది దిగింది, లైట్ రాలే. విప్పించాలా?"

విప్పించమనే చెప్పా.

అదిగో చినుకులు మొదలయ్యాయి, కెమెరా లోపల పెట్టాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, నమస్తే.